మారేడు పానకం బోర్డు: నవ్వి వెళ్లిపోయేవాళ్లను లోపలికి రప్పించడం

ప్రశ్న: రాయగడలో స్టేషన్ నుంచి వచ్చే దారిలో మాది చిన్న కేఫ్. ఈ వేసవికి మారేడు పానకం స్పెషల్‌గా పెట్టాం. బయట రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న నల్లబోర్డు మీద "మారేడు తాగాడు... మనిషే మారాడు!" అని పెద్దగా రాసి, పక్కన స్ట్రా ఉన్న గ్లాసు బొమ్మ వేశాం. అడుగున చిన్నగా ధర, టైము రాశాం. జనం చూసి నవ్వుతున్నారు, ఫోటో తీసుకుంటున్నారు, వెళ్లిపోతున్నారు. లోపలికి వచ్చినవాళ్లేమో ఏంటిది, ఎంత, ఇప్పుడుందా, పాలు వేస్తారా అని అడుగుతున్నారు. చిన్న గ్లాసు 40, పెద్దది 60. రోజూ 11 నుంచి 5 దాకా ఉంటుంది. బోర్డు ఎలా మార్చాలి?

జవాబు:

నేను గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం మధ్య తిరుగుతూ గోడరాతలు, షాపుల బోర్డులు రాసి బతికినవాడిని. ఫ్లెక్సీలు వచ్చాక గోడరాతలు పోయాయి. ఇప్పుడు కేఫ్‌ల పుణ్యమా అని మళ్లీ సుద్దముక్క చేతికొచ్చింది. మీ లైను చదివి నేనూ నవ్వాను. శ్లేష బాగుంది. కానీ మీ వీధిలో అది పనిచెయ్యదు.

ముందు భాష సంగతి. మన వైపు తెలుగిళ్లలో పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదివింది మాత్రం ఒడియా బడిలో. మా చెల్లెలి కొడుకులకి ఫోన్‌లో తెలుగు మెసేజ్ వస్తే నా దగ్గరికి తెచ్చి "మామయ్యా, ఇదేంటో చదివి పెట్టు" అంటారు. అంటే మీ బోర్డు ఒడియావాళ్లకే కాదు, మన పిల్లలకి కూడా సగం మందికి ఎక్కదు. ఇక మారేడు, మారాడు అన్న శ్లేష పండు పేరు మీద నిలబడింది. ఆ పండుని ఇక్కడ బండి మీద కొనేటప్పుడు మనం కూడా "బేల" అనే అంటాం. కాబట్టి మీ లైను పూర్తిగా అందేది పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి రైలు దిగి మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లేవాళ్లకి మాత్రమే. వాళ్లకైనా "తాగాడు, మనిషే మారాడు" అని చదవగానే ముందు గుర్తొచ్చేది మందు దుకాణం. నవ్వు వస్తుంది గానీ దాహం వెయ్యదు.

ఇంకొకటి ఉంది, మీరు దాన్ని గమనించినట్టు లేదు. "పానకం" అన్న మాట. ఆంధ్ర వైపు మనిషికి పానకం అంటే శ్రీరామనవమి పానకమే: బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్లు. అందులో పాలు ఉండవు. ఇక్కడి బేలపణాలో గుజ్జుతో పాటు పాలో, పెరుగో, పాలు విరిచి తీసిన ఛెనాయో పడుతుంది, అరటిపండు పడుతుంది, కొబ్బరికోరు పడుతుంది, కొందరు జీడిపప్పు కూడా వేస్తారు. మేష సంక్రాంతినాడు, అంటే ఏప్రిల్ 14 ప్రాంతంలో, ఒడియావాళ్లు ఇంటింటా చేసుకునేది ఇదే. కాబట్టి ఒకే గ్లాసుని ఒకరు పాలతో ఊహించుకుంటారు, ఇంకొకరు పాలు లేకుండా. "పాలు వేస్తారా" అని మిమ్మల్ని అడుగుతున్నవాళ్లు ఎక్కువగా ఈ రెండో రకమై ఉంటారు. పాలు పడని మనిషి అడక్కుండా తాగేస్తే ఆ సాయంత్రం ప్రయాణం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

అందుకని బోర్డుని లైనుతో మొదలుపెట్టకండి. ముందు ఒక కాగితం మీద, వచ్చే మనిషి డబ్బు తీసే ముందు తెలుసుకోవాల్సినవి రాయండి. మీ విషయంలో అవి ఇవీ: పేరు ఒడియా, తెలుగు రెండు లిపుల్లో, రెండు ధరలు, గ్లాసు ఎంత, ఏ గంటల్లో, ఏ తారీఖు దాకా, పాలు, జీడిపప్పు సంగతి. అవి బోర్డు మీద ఎంత చోటు తింటాయో కొలిచాక మిగిలిన చోటే మీ చమత్కారానిది. చాలామంది తలకిందులుగా చేస్తారు. లైను తట్టిన సంబరంలో దాన్ని పెద్దగా రాసేసి, తర్వాత ధరని ఏ మూల దూర్చాలా అని చూస్తారు. మీ బోర్డులో జరిగింది అదే.

ఇప్పుడు లైను గురించి. స్పెషల్ బోర్డు మీద రాసే లైను బాగుందో లేదో చూడటానికి నాకొక అలవాటుంది. అందులోని పదార్థం పేరు తీసేసి "మజ్జిగ" అని పెట్టి చూస్తాను. మజ్జిగకీ సరిపోతే ఆ లైను మనది కాదు. "ఎండ మీద పగ తీర్చుకోండి" లాంటివి చెరుకురసానికీ, సోడాకీ, ఐస్‌క్రీముకీ అతుకుతాయి. మీ మారేడు లైను ఈ పరీక్షలో నెగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఓడిపోయింది రెండో పరీక్షలో: ఒడియాలోకి తీసుకెళితే బతకదు. రెండు లిపుల్లో రాసే చోట శ్లేష మీద ఆధారపడకూడదు. మాట మీద కాకుండా సంగతి మీద నిలబడే చమత్కారం వెతకాలి.

మారేడు గురించి తెలుగువాడికీ ఒడియావాడికీ సమానంగా తెలిసిన సంగతి ఏమిటి? ఆకు శివపూజకి వెళ్తుంది. నేను మొదట "ఆకు శివుడికి, పండు మీకు" అనుకున్నాను. ఒడియాలో "పత్ర శిబంకు, ఫళ ఆపణంకు". రెండు భాషల్లోనూ చివర్లు కలిశాయి, ఏ భాషా రెండోదానికి అనువాదంలా లేదు. పైగా ఆ లైనే ఇది ఏ పండో చెప్పేస్తోంది, విడిగా వివరించే పని తప్పింది.

కానీ ఒక్క క్షణం ఆగాను. ఈ బోర్డు నేల మీద ఉంటుంది. పక్కనుంచి చెప్పుల కాళ్లు వెళ్తాయి, కుక్క వచ్చి పడుకుంటుంది, రాత్రి మీ కుర్రాడు నేల తుడిచిన గుడ్డతోనే దాన్నీ తుడుస్తాడు. అక్కడ దేవుడి పేరు రాస్తే పది రోజుల్లో ఎవరో ఒక పెద్దాయన వచ్చి మందలిస్తాడు, ఆయన అన్నదీ తప్పు కాదు. లింగం బొమ్మ, త్రిశూలం బొమ్మ అసలు వద్దు. కాబట్టి ఒక్క మాట మార్చండి: "ఆకు గుడికి, పండు మీకు". ఒడియాలో "పత్ర మందిరకు, ఫళ ఆపణంకు". అర్థం పోలేదు, తెలుగులో ఇంకా పొట్టిగా అయింది. పక్కన మూడు రేకుల మారేడు దళం చిన్నగా గీయండి. దాన్ని గుర్తుపట్టడానికి ఏ లిపీ రానక్కర్లేదు. ఒడియా వాక్యాన్ని మాత్రం ఒడియా బడిలో చదివినవాళ్ల చేత ఒకసారి చూపించుకోండి. మనకి మాట్లాడటం వచ్చు కదా అని చేత్తో రాసేస్తే, ళ, ల దగ్గరే దొరికిపోతాం.

ధర దగ్గర మీకు ఒక సుళువుంది. మీ పాత గ్లాసు బొమ్మ అలంకారానికి వేసింది, దానికి పని ఏమీ లేదు. దాన్ని తుడిచేసి పక్కపక్కన రెండు గ్లాసులు గీయండి, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పొట్టి గ్లాసు కడుపులో ₹40, పొడుగు గ్లాసు కడుపులో ₹60. కింద గ్లాసు ఎన్ని మి.లీ. పడుతుందో కొలిచి రాయండి. కొలవడమంటే ఐస్ వేశాక పోసిన పానకాన్ని కొలవాలి. గ్లాసు 300 పడుతుంది కదా అని 300 రాసి, ఐస్‌తో సగం నింపితే మొదటివారమే మాట పడతారు. ఇలా బొమ్మలోనే ధర పెడితే "చిన్నది", "పెద్దది" అన్న మాటల్ని రెండు లిపుల్లో రాసే బెడద పోతుంది. అంకెలు 1, 2, 3 లాగే వెయ్యండి, తెలుగు అంకెలు, ఒడియా అంకెలు వద్దు. మామూలు అంకె ఒక్కసారి రాస్తే అందరికీ చాలు. రెండు లిపుల బోర్డు మీద చోటు మిగిలేది అంకెల దగ్గరే, అందుకే వాటిని అన్నిటికంటే పెద్దగా వెయ్యగలం.

"మాత్రమే", "కేవలం" లాంటివి తీసెయ్యండి. నలభై రూపాయలు ఎక్కువా తక్కువా అన్నది చూసేవాడు తేల్చుకుంటాడు. జీఎస్టీ వేసే బిల్లు అయితే పన్ను కలిపిన అంకే బోర్డు మీద ఉండాలి. బయట 40 చూసి లోపల 42 ఇచ్చినవాడు రెండు రూపాయల కోసం గొడవ పెట్టుకోడు, మళ్లీ రాడు అంతే.

టైము విషయంలో మీకు అదృష్టం కలిసొచ్చింది. 11 నుంచి 5 అంటే పొద్దున్నా సాయంత్రమా అని ఎవరూ అడగరు. "11–5" అని రాసి పక్కన చిన్న సూర్యుణ్ణి గీస్తే చాలు. మీ గంటలు 4 నుంచి 7 అయ్యుంటే "సాయంత్రం" అన్న మాట రెండు లిపుల్లో పెట్టాల్సి వచ్చేది. ఇక తారీఖు. సీజన్ స్పెషల్ అంటున్నారు గానీ సీజన్ ఎప్పుడు ముగుస్తుందో బోర్డు మీద లేదు. రజ పండగ దాకా అనుకుంటే 14/6 అని రాయండి. "రజ దాకా" అని రాస్తే మనవాళ్లకి తెలుస్తుంది, రైలు దిగినవాడికి తెలియదు. తారీఖు ఎందుకంత అవసరమంటే, జనం ఫోటోలు తీసుకుంటున్నారని మీరే అన్నారు. ఆ ఫోటో ఎవరి ఫోన్‌లోనో తిరిగి తిరిగి జూలైలో ఇంకొకరికి చేరుతుంది. తారీఖు ఉంటే అతను మిమ్మల్ని తిట్టుకోడు.

"స్టాక్ ఉన్నంత వరకు" అన్న మాట మాత్రం రాయకండి. దానివల్ల వచ్చేవాడికి తెలిసేది ఏమీ లేదు. మీరు రోజుకి ఎన్ని కాయలు కొడుతున్నారో, అవి ఎన్ని గ్లాసులు అవుతాయో మీకు తెలుసు. బోర్డు కుడి పక్కన చిన్న గడి గీసి "ఈరోజు" అని రాసి ఖాళీగా ఉంచండి. మధ్యాహ్నం రెండింటికి అందులో "12 గ్లాసులు" అని వెయ్యొచ్చు, అయిపోతే "అయిపోయింది" అని వెయ్యొచ్చు. అబద్ధపు అంకె వెయ్యకండి. ఎదురు షాపువాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ "12"నే చూస్తుంటాడు, నలుగురికీ చెబుతాడు.

పదార్థాల దగ్గరికి వద్దాం. మీరు ఏమేం వేస్తారో చెప్పలేదు కాబట్టి ఇక్కడ మామూలుగా చేసే పద్ధతి పట్టుకుని రాస్తున్నాను, మీ వంటగదిని బట్టి దిద్దుకోండి. బోర్డు మీద వంటకం మొత్తం రాయక్కర్లేదు. తాగాలా వద్దా అన్న నిర్ణయాన్ని మార్చేవి రాస్తే చాలు. నీళ్లు, చిటికెడు ఉప్పు ఎవరి నిర్ణయాన్నీ మార్చవు. పాలు, జీడిపప్పు మారుస్తాయి. బెల్లమా పంచదారా అన్నది కొందరిని మారుస్తుంది. కొబ్బరి, మిరియాలు నోరూరిస్తాయి కాబట్టి వాటికీ చోటివ్వచ్చు. నేనైతే ఇలా రాస్తాను:

మారేడు గుజ్జు, బెల్లం, అరటిపండు, కొబ్బరి, మిరియాలు
పాలు, జీడిపప్పు ఉంటాయి

రెండో వరుస విడిగా, పసుపు రంగుతో. పాలు, జీడిపప్పుని మొదటి వరుసలోనే కలిపేస్తే అవి కూడా నోరూరించే జాబితాలో భాగమైపోతాయి, జాగ్రత్తపడాల్సినవాడి కంటికి ఆనవు. "పాలు, జీడిపప్పు లేకుండా కూడా చేస్తాం" అని రాయాలనిపిస్తే ముందు మిక్సీ జారు చూసుకోండి. అదే జారులో జీడిపప్పు తిప్పి, నీళ్లతో తొలిపి, తర్వాత గ్లాసు "లేకుండా" చేస్తే అది లేకుండా చేసినట్టు కాదు. పాలు నచ్చనివాడికి ఫర్వాలేదు, జీడిపప్పు పడని పిల్లాడికి ప్రమాదం. వేరే జారు ఉంటేనే ఆ మాట రాయండి.

ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంది. మారేడు అనగానే "కడుపుకి మంచిది", "వడదెబ్బకి మందు", "షుగర్ తగ్గిస్తుంది" అని రాయాలని చెయ్యి దురద పెడుతుంది. షుగర్ తగ్గుతుందని ప్రకటించడం 1954 నాటి మాజిక్ రెమెడీస్ చట్టం కిందకి వస్తుంది. ఆ చట్టం జాబితాలో మధుమేహం పేరు పెట్టి మరీ ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ గ్లాసులో బెల్లమూ అరటిపండూ ఉన్నాయి. ఆ మాట నమ్మి షుగర్ ఉన్న పెద్దాయన రోజూ పెద్ద గ్లాసు తాగితే ఎలా? "చల్లగా ఉంటుంది" అని రాసుకోండి, అది నిజం, ఐస్ వేశారు కాబట్టి.

ఇప్పుడు వీటన్నిటినీ మూడడుగుల బోర్డు మీద కూర్చోబెట్టాలి. బోర్డు రాసేవాళ్లు పాటించే మోటు లెక్క ఒకటుంది: అక్షరం అంగుళం ఎత్తు ఉంటే పదడుగుల దూరం నుంచి హాయిగా చదవచ్చు. ఈ లెక్క ఇంగ్లిషు పెద్దక్షరాలకి పుట్టింది. మన అక్షరానికి తలకట్టు, గుడి పైన ఉంటాయి, వత్తు కింద వేలాడుతుంది. అందుకని అంగుళం అక్షరానికి వరుస మాత్రం దాదాపు రెండంగుళాలు వదలాలి. "గుజ్జు", "బెల్లం", "కొబ్బరి" ఎక్కడ పడతాయో చూసుకోకుండా ఇరుకుగా రాస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లో చిక్కుకుంటాయి. ఒడియాదీ ఇంచుమించు ఇదే అవస్థ, గుండ్రటి తలలు పైన, జోడక్షరాలు కింద.

నడిచే మనిషి సెకనుకి మూడున్నర అడుగుల దూరం దాటుతాడు. పదిహేనడుగుల నుంచి బోర్డు కనబడితే, దాటిపోయేలోగా నాలుగు సెకన్లు ఉంటాయి. ఆ నాలుగు సెకన్లలో పేరూ ధరా అందాలి. లైను అందితే లాభం. పదార్థాలు ఆగినవాడికే, వాడు ఆరడుగుల్లోకి వచ్చి ఉంటాడు కాబట్టి ముప్పావు అంగుళం లోపు అక్షరమైనా సరిపోతుంది. బైకు మీద వెళ్లేవాడికి పేరు తప్ప ఏమీ అందదు, వాడి కోసం ఏమీ పెద్దది చెయ్యకండి.

మూడడుగులంటే 36 అంగుళాలు. చట్రం పోగా, అడుగున కనీసం ఎనిమిది అంగుళాలు ఖాళీగా వదిలెయ్యండి. ఎందుకంటే మన వీధిలో బోర్డు ముందు గంటలో నాలుగు బైకులు ఆగుతాయి, వాన పడితే బురద చిమ్ముతుంది. మీ ధర ఇప్పుడున్నది సరిగ్గా ఆ చోటే. రాయడానికి 26 అంగుళాలు మిగిలాయనుకుందాం. పేరుకి రెండు వరుసలు, ఒక్కొక్కటి నాలుగు అంగుళాలు, పైన ఒడియాలో "బేల పణా", కింద తెలుగులో "మారేడు పానకం", ఎనిమిది పోయాయి. దాని కిందే మీ లైను రెండు లిపుల్లో, రెండున్నర చొప్పున ఐదు. రెండు గ్లాసుల బొమ్మ ఆరు. టైము, తారీఖు, "ఈరోజు" గడి కలిపి ఒకే వరుసలో రెండున్నర. పదార్థాలు రెండు లిపుల్లో నాలుగు వరుసలు, మిగిలిన నాలుగున్నర. చూశారుగా, చమత్కారానికి బోర్డులో అయిదో వంతు దక్కింది. ఇప్పటి మీ బోర్డులో అది సగానికి పైగా ఆక్రమించి ఉంటుందని నా అంచనా. ఒడియా పైన ఎందుకంటే మీ ఊళ్లో చదివేవాళ్లు అటే ఎక్కువ. తెలుగు పేరు దాని కిందే అంతే సైజులో ఉంటే మనవాళ్లెవరూ చిన్నబుచ్చుకోరు.

రాసే ముందు నూలుదారానికి సుద్దపొడి పట్టించి, రెండు చివర్లా ఇద్దరు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదలండి. నిట్టనిలువుగానో అడ్డంగానో సన్నటి గీత పడుతుంది. దాని మీద రాసి తర్వాత గుడ్డతో దులిపితే గీత పోతుంది. చేత్తో అంచనాకి రాస్తే కుడివైపుకి వెళ్లేకొద్దీ వరుస పైకి ఎక్కుతుంది, నాకు ఇప్పటికీ ఎక్కుతుంది.

బోర్డు కొత్తదైతే ఒక పని ముందే చెయ్యాలి. సుద్దముక్కని పడుకోబెట్టి బోర్డంతా రుద్ది, పొడిగుడ్డతో తుడిచెయ్యండి. అలా చెయ్యకపోతే మొదట రాసిన రాత లోపలికి ఇంకి, ఎన్నిసార్లు తుడిచినా దయ్యంలా కనబడుతూ ఉంటుంది. మీ "మనిషే మారాడు" ఇప్పటికే అలా దిగిపోయి ఉంటే తడిగుడ్డతో ఒకసారి, ఆరాక మళ్లీ ఒకసారి తుడిచి చూడండి. పోకపోతే నల్లబోర్డు రంగు ఒక పూత వేసుకోవడమే.

మార్కరూ సుద్దా రెండూ వాడండి, దేని పని దానికి అప్పజెప్పి. పేరు, లైను, గ్లాసులు, ధర, పదార్థాలు సీజనంతా మారవు కాబట్టి నీటితో తుడిస్తే పోయే చాక్ మార్కర్‌తో. "ఈరోజు" గడిలోది మామూలు సుద్దతో. సుద్దని పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది, పొడిగుడ్డకి ఆరిన మార్కర్ పోదు. రోజూ బోర్డంతా తిరగరాసే చాకిరీ తప్పుతుంది. మార్కర్‌ని ముందు ఒక మూల గీసి, ఆరనిచ్చి, తుడిచి చూడండి. కొన్ని చవక బోర్డులు దాన్ని పీల్చేసుకుంటాయి. తెలుపు, పసుపు తప్ప ఏ రంగూ నమ్మకండి. ఎరుపు, నీలం దగ్గర నుంచి అందంగా ఉంటాయి, రోడ్డవతల నుంచి బోర్డులో కలిసిపోతాయి. ఆకు బొమ్మకి పచ్చరంగు వేసుకోవచ్చు, అక్షరాలకి వద్దు.

మార్కర్ లేని రోజుల్లో మేం సుద్దని పంచదార నీళ్లలో నానబెట్టి రాసేవాళ్లం. ఆరాక తెల్లగా మెరుస్తుంది, చెయ్యి తగిలినా రాలదు. ఒకసారి బరంపురంలో ఒక షాపుకి మామిడిరసం బోర్డు అలాగే రాసి, పని బాగా కుదిరిందని టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మామిడిలోని "మా" అంతా నల్లగా కదులుతోంది. చీమలు. దీర్ఘం వెంబడి బారులు తీరి పైకి ఎక్కుతున్నాయి. షాపాయన "రుచిగా ఉందని చీమలే చెబుతున్నాయి కదా, ఉంచెయ్" అన్నాడు గానీ నాకు పరువు పోయినట్టయింది, మొత్తం కడిగి మళ్లీ రాశాను. తినుబండారాల షాపు ముందు ఆ చిట్కా వాడకండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట కాలబైశాఖి గాలి ఎలా లేస్తుందో మీకు తెలుసు. బోర్డు రెండు కాళ్ల మధ్య అడ్డుకర్ర మీద ఇసుక సంచి వేలాడదీయండి, ఇటుక కంటే నయం, ఎవరి కాలికీ తగలదు. మబ్బు పట్టగానే లోపలికి తెచ్చెయ్యండి, మార్కర్ రాత చినుకులకి కారుతుంది.

బోర్డు తయారయ్యాక మీరు దాన్ని చూసి ఏమీ తేల్చుకోలేరు, మీకు అన్నీ ముందే తెలుసు కాబట్టి. రోడ్డవతల నుంచి వచ్చే ఒక తెలియని మనిషిని ఆపండి. బోర్డు చూపించి, అయిదు అంకెలు లెక్కపెట్టి, వెనక్కి తిరగమనండి. ఏముంది, ఎంత, ఎప్పటిదాకా అని అడగండి. ఒడియా మాత్రమే చదివేవాళ్లని ఇద్దర్ని, తెలుగు మాత్రమే చదివేవాళ్లని ఇద్దర్ని అడిగితే సరిపోతుంది. లైను గుర్తుండి ధర గుర్తు లేకపోతే గ్లాసుల్లో అంకెలు ఇంకా లావుగా వెయ్యాలి. ధర చెప్పి పేరు చెప్పలేకపోతే పై వరుసల మధ్య చోటు చాల్లేదని అర్థం.

తర్వాత కౌంటర్ దగ్గర ఒక కాగితం అంటించి, వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నకి ఒక్కో గీత పెట్టమని మీ కుర్రాడికి చెప్పండి. "ఏంటిది" ఒక వరుస, "ఎంత" ఒకటి, "ఉందా" ఒకటి, "పాలు" ఒకటి. పాత బోర్డుతో రెండు రోజులు, కొత్త బోర్డుతో రెండు రోజులు. ఏ వరుస తగ్గలేదో బోర్డులో తప్పు అక్కడే ఉన్నట్టు. ఒక్క హెచ్చరిక: "ఎంత" అని అడిగేవాళ్లు పూర్తిగా పోరు. కొంతమంది కళ్లముందు అంకె ఉన్నా అడుగుతారు, మాటల్లో ఏమైనా తగ్గుతుందేమోనని. "పాలు" వరుస మాత్రం బాగా తగ్గాలి. అది తగ్గకపోతే ఆ పసుపు వరుసని గ్లాసుల పక్కకి, పైకి జరపండి.

మీ పాత లైను మీకు అంత ఇష్టమైతే పారెయ్యకండి. లోపల బల్లల మీద పెట్టే చిన్న కార్డు మీద తెలుగులో రాసుకోండి. అక్కడ కూర్చున్నవాడి చేతిలో గ్లాసు ఉంటుంది, మందు దుకాణం గుర్తొచ్చినా నష్టం లేదు.